నాలుగో కార్డు

సరూర్‌నగర్ చెరువు వైపు పోయే ఒక గల్లీలో ఉన్న మూడంతస్తుల బడిలో పద్మలత రెండో తరగతి టీచరు. పొద్దున హాజరు తీసుకోగానే ఆమె క్లాసులో ఐదు నిమిషాలు నోటిలెక్కలు జరుగుతాయి. రోజుకు పది అట్టముక్కలు, ఒక్కోదాని మీద లావు మార్కరుతో రాసిన ఒక్కో కూడిక. కార్డు పైకెత్తి, మనసులో ఆరు దాకా లెక్కపెట్టి, దించేస్తుంది. ముప్పై నాలుగు మంది పిల్లలు తమ ముందున్న చీటీలో ఒకదాని కింద ఒకటి జవాబులు రాసుకుంటూ పోవాలి. వేళ్లు లెక్కపెట్టకూడదు. పక్కవాళ్ల చీటీ చూడకూడదు.

జూన్‌లో ఈ పిల్లలందరూ వేళ్ల మీదే ఉండేవాళ్లు. తొమ్మిదీ ఆరూ ఎంతంటే బల్ల కింద చేతులు దాచుకుని తొమ్మిది తర్వాత ఒక్కో వేలూ ముడుచుకునేవాళ్లు. పద్మలత మొదట డబుల్స్ నేర్పింది. ఆరూ ఆరూ పన్నెండు, ఏడూ ఏడూ పద్నాలుగు. అవి నోటికి వచ్చాక వాటి పక్కనున్నవి. ఆరూ ఏడూ అంటే ఆరూ ఆరూ పన్నెండు, ఇంకొకటి పదమూడు. ఆ తర్వాత పది చేయడం. అది మాత్రం సగం మందికి ఎక్కలేదు. బోర్డు మీద చుక్కలు పెట్టి ఎంత చెప్పినా గుడ్లప్పగించి చూశారు.

ఒకరోజు మూడో బెంచీలోంచి సౌజన్య లేచింది. సన్నటి పిల్ల, రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది.

"టీచర్, ఎనిమిదికి ఆకలైతది. పది గావాలంటే దానికి ఇంకా రెండు గావాలె. పక్కన ఐదు ఉన్నది గదా, దాని దగ్గర రెండు గుంజుకుంటది. ఎనిమిది పది అయితది. ఐదు దగ్గర మూడే మిగులుతయి. గంతే, పదమూడు."

క్లాసంతా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఎనిమిదికి ఆకలేస్తే రెండు, తొమ్మిదికి ఆకలేస్తే ఒకటి అని పిల్లలందరూ చెప్పడం మొదలుపెట్టారు. జూలై, ఆగస్టు నెలల్లో సౌజన్య చీటీలో పదికి పది రాని రోజు లేదు.

సెప్టెంబరు రెండో వారంలో ఒకరోజు ఏడు వచ్చాయి. మరుసటి రోజు మళ్లీ పది. ఆ తర్వాత నాలుగు. పద్మలత పట్టించుకోలేదు. జ్వరాల సీజను, సగం మంది పిల్లలు ముక్కులు చీదుకుంటున్నారు. ఇంకో వారం గడిచేసరికి మూడు, రెండు, నాలుగు. కళ్లు సరిగ్గా కనబడటం లేదేమో అనుకుని ఆమెను ముందు బెంచీకి మార్చింది. మార్కులు పెరగలేదు. ఒకసారి ఒకటే వచ్చింది.

"సౌజన్యా, పొద్దున నిద్రపోతున్నవా?"

"లేదు టీచర్. అన్నీ రాసిన." ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపడింది. "మీరే తక్కువ కార్డులు చూపిస్తున్నరు."

పద్మలతకు కోపం వచ్చింది. ఏడేళ్ల పిల్ల ఇంత సులువుగా అబద్ధం ఆడుతుందా అనుకుంది.

అక్టోబరు చివర్లో తల్లిదండ్రుల ముందు నోటిలెక్కల ప్రదర్శన పెట్టాలని ప్రిన్సిపాల్ భానుమూర్తి నిర్ణయించాడు. ఆయనది ఏలూరు వైపు, ఈ బడి పెట్టి పదహారేళ్లు. "వెనకబడ్డ పిల్లల్ని సాయంత్రం అరగంట ఆపండమ్మా. వరుసగా మూడు రోజులు తక్కువొస్తే ఆపేయండి. ఎంతకి తక్కువ అనేది మీ ఇష్టం," అన్నాడు. పద్మలత ఐదు అని పెట్టింది. అలా ఐదుగురు పిల్లలు సాయంత్రం ఆగాల్సి వచ్చింది. అందులో సౌజన్య ఒకతె.

అక్కడే ఇంకో విచిత్రం జరిగింది. సాయంత్రం అరగంటలో కార్డులుండవు. కాగితం మీద లెక్కలు, ఎవరికి వీలైనంత సేపట్లో వాళ్లు చేసుకోవచ్చు. సౌజన్య ఇరవైకి ఇరవై చేసేది. పొద్దున రెండు, సాయంత్రం ఇరవై. కావాలనే చేస్తోందా? ఎందుకు చేస్తుంది? తొమ్మిది రోజులు పద్మలత ఈ ప్రశ్నను పక్కన పెట్టింది. రిజిస్టర్లు, ప్రదర్శన, యూనిట్ టెస్ట్ పేపర్లు, అన్నీ నెత్తి మీద ఉన్నాయి.

పదో రోజు గురువారం. మూడున్నరకు స్కూలు ఆటోలన్నీ వెళ్లిపోయాయి. ఐదుగురు పిల్లలు తలలు వంచుకుని లెక్కలు చేస్తున్నారు. పద్మలత బల్ల దగ్గర కూర్చుని పొద్దుటి చీటీలు దిద్దుతోంది. జవాబుల పట్టీ ఒకటి రాసి పెట్టుకుంటుంది, దాన్ని ఒక్కో చీటీ పక్కన ఆనించి చూసుకుంటూ పోతుంది. ఆ రోజు కార్డులు వరుసగా ఇవి: ఆరూ ఆరూ, తొమ్మిదీ నాలుగూ, ఏడూ ఎనిమిదీ, ఎనిమిదీ ఆరూ, ఐదూ ఆరూ, తొమ్మిదీ తొమ్మిదీ, ఎనిమిదీ నాలుగూ, తొమ్మిదీ ఏడూ, ఎనిమిదీ తొమ్మిదీ, మూడూ ఏడూ. పట్టీలో పైనుంచి కిందికి 12, 13, 15, 14, 11, 18, 12, 16, 17, 10.

సౌజన్య చీటీ వచ్చింది. 12, 13, 15. మూడు టిక్కులు. నాలుగోది 11. తప్పు. ఐదోది 18. తప్పు. ఆరోది 12, ఏడోది 16, ఎనిమిదోది 17, తొమ్మిదోది 10. అన్నీ తప్పు. పదో గడి ఖాళీ. పదికి మూడు.

మూడు అని రాయబోతుంటే ఫ్యాను గాలికి జవాబుల పట్టీ కొంచెం పైకి జరిగింది. ఒక్క గడి మేర, అంతే. దాన్ని వెనక్కి జరపబోయి పద్మలత చెయ్యి ఆగిపోయింది.

పట్టీలో 11 ఎదురుగా చీటీలో 11. దాని కింద 18కి 18. 12కి 12. 16కి 16. 17కి 17. 10కి 10.

ఒక్కటీ తప్పు లేదు. పట్టీలో 14 మాత్రం, అంటే నాలుగో కార్డు జవాబు మాత్రం, చీటీలో ఎక్కడా లేదు. ఎనిమిదీ ఆరూ అనే కార్డే తన ముందుకు రానట్టు ఆ పిల్ల దాని గడిలో ఐదో కార్డు జవాబు రాసి ముందుకు పోయింది. జవాబు రాకపోతే పిల్లలెవరైనా గడి వదిలేస్తారు, లేదా పక్కవాళ్లది చూస్తారు. ఈ పిల్ల వదలలేదు. వదలడానికి అసలు ఆ కార్డు ఒకటుందని ఆమెకు తెలియదు.

పద్మలత డ్రాయరు లాగి పాత చీటీల కట్టలు తీసింది. పట్టీని పైకీ కిందికీ జరుపుతూ చూసింది. సెప్టెంబరులో ఏడు వచ్చిన రోజు ఎనిమిదో కార్డు లేదు. నాలుగు వచ్చిన రోజు ఐదో కార్డు లేదు. పోయిన వారం రెండు వచ్చిన రోజున మూడోదీ లేదు, ఏడోదీ లేదు, కింద రెండు గడులు ఖాళీ. ఒకటి వచ్చిన రోజు రెండో కార్డు, ఆరో కార్డు, తొమ్మిదో కార్డు లేవు. నెల రోజుల చీటీల్లో ఆ పిల్ల రాసిన జవాబుల్లో నిజంగా తప్పు ఒక్కటీ లేదు. మాయమవుతున్న కార్డులు మాత్రం పెరుగుతున్నాయి. మొదట రెండు రోజులకొకటి. తర్వాత రోజుకొకటి. ఇప్పుడు ఒక్కోరోజు రెండు, మూడు.

అవి ఐదు నిమిషాల లెక్కలే. రోజంతట్లో ఇంకెన్ని ఐదు నిమిషాలు ఉంటాయో లెక్కేయబోయి ఆమె పెన్ను కింద పెట్టేసింది.

మిగతా నలుగురినీ నాలుగింటికి పంపించి సౌజన్యను తన బల్ల దగ్గరకు పిలిచింది. కార్డులు తీసి, ఒక్కోటే చూపిస్తూ, ఈసారి కార్డు వైపు కాకుండా పిల్ల ముఖం వైపు చూసింది.

"ఎట్ల చేస్తున్నవో నోటితోటి చెప్పు. తొందరేం లేదు."

"తొమ్మిదికి ఒకటి గావాలె. నాలుగు దగ్గర తీసుకుంటది. పది, మూడు, పదమూడు."

"శబాష్. ఇది?"

"ఐదూ ఐదూ పది. ఇంకొకటి. పదకొండు."

ఐదు కార్డులు అలా పోయాయి. ఆరోది ఎనిమిదీ ఏడూ.

"ఏడూ ఏడూ పద్నాలుగు, ఇం..."

మాట అక్కడే తెగింది. పిల్ల కళ్లు కార్డు మీద నుంచి జారి, కార్డు వెనక ఎక్కడో గోడలో ఆగాయి. కనురెప్పలు సన్నగా, వేగంగా కొట్టుకున్నాయి. పెదాలు మాట మధ్యలో తెరుచుకున్నట్టే ఉన్నాయి. బల్ల మీద చెయ్యి కదలలేదు.

"సౌజన్యా."

పలకలేదు. పద్మలత ఆమె ముఖం ముందు చెయ్యి ఊపింది. కళ్లు చేతిని చూడలేదు. బయట గల్లీలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పద్మలత అలవాటుగా మనసులో లెక్కపెడుతూనే ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ తొమ్మిది లెక్కల సేపూ ఆ కుర్చీలో పిల్ల లేదు. శరీరం ఒక్కటే కూర్చుని ఉంది. పద్మలత కార్డును బల్ల మీద బోర్లా పెట్టేసింది.

పది అనేసరికి సౌజన్య కళ్లార్పింది. ఏమీ జరగనట్టు ఖాళీగా ఉన్న టీచరు చేతుల వైపు చూసింది.

"ఇంకో కార్డు చూపిస్త అంటిరి గదా టీచర్?"

పద్మలత కార్డులన్నీ డ్రాయరులో పెట్టేసింది. "చాలమ్మా, ఇంటికి పోదాం. నేను దింపుత," అంది.

"నేనే పోత. రోజూ నేనే పోతున్న గదా."

"ఎవరూ రారా నీకోసం?"

"ఆటో ఉంటే ఆటోల పోయేదాన్ని. ఇప్పుడు ఆటో ఎల్లిపోతది. నానమ్మకు మోకాళ్లు నొస్తయి, రోడ్డు దాటలేదు. అటు దిక్కు మెట్రో మెట్ల కాడ నిలబడుతది. ఆమె చెయ్యి ఊపంగనే నేను ఉరుకుత."

పద్మలత సంచీ భుజాన వేసుకుంటూ ఆగిపోయింది. అటు దిక్కు అంటే చైతన్యపురి మెయిన్ రోడ్డు. విజయవాడ బస్సులు, కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే బండ్లు, ఆటోలు. తొమ్మిది రోజులు. ఐదు అనే గీత గీసింది తను. ఆటో పోయేదాకా ఈ పిల్లను ఆపింది తను.

పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని గల్లీ దాటి మెయిన్ రోడ్డుకు వచ్చింది. అవతల మెట్రో మెట్ల దగ్గర తెల్ల జుట్టు ముసలామె, సౌజన్య నానమ్మ రాజేశ్వరమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మనవరాలితో టీచరును చూసి ఆశ్చర్యంగా చెయ్యి ఊపింది. బండ్లు కొంచెం పలచబడగానే పద్మలత అడుగు వేసింది. సౌజన్య ఏదో చెబుతోంది, ఇవాళ లంచ్‌లో ఎవరో టమాట అన్నం ఒలకబోశారని.

రోడ్డు సగానికి రాకముందే ఆ మాట ఆగిపోయింది.

పద్మలత చేతిలోని చిన్న చెయ్యి వదులైంది. పిల్ల అడుగు ఆగింది. నడిచి వచ్చేవాళ్లను లాగినట్టు లాగితే రాలేదు, నాటిన గుంజలా బరువుగా నిలబడింది. కుడివైపు నుంచి సిటీ బస్సు ఒకటి హారను కొడుతూ వస్తోంది. ఆ శబ్దానికి దూరంగా ఉన్న కుక్కలు కూడా తోక ముడిచి పక్కకు పోయాయి. సౌజన్య కనురెప్పలు మాత్రం తమ పాటికి తాము కొట్టుకుంటున్నాయి.

పద్మలత సంచీ వదిలేసి పిల్లను రెండు చేతులా ఎత్తుకుంది. ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే నిలబడి చెయ్యెత్తింది. బస్సు బ్రేకు కీచుమంది. వెనక ఒక బండివాడు తిట్టాడు. ఆమె పరుగెత్తి మధ్యలోని డివైడరు ఎక్కింది. అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంటుంటే భుజం మీద నుంచి చిన్న గొంతు వినబడింది.

"ఎందుకు ఎత్తుకున్నరు టీచర్? నేను పెద్దదాన్ని అయిన. దించున్రి."

*

వాళ్ల ఇల్లు హాస్టళ్ల వెనక ఒక మూడో అంతస్తు. రెండు గదులు, గోడకు ఆనించి మడత పెట్టిన మంచం, కిటికీ దగ్గర కుట్టుమిషను. సౌజన్య తల్లి వాసంతి ఆ మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమె టీచరు ముఖం చూసి భయపడి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసే భర్తకు ఫోను చేసింది. అశోక్ ఆరింటికల్లా వచ్చాడు. పోచంపల్లి వైపు నేత కుటుంబం, తండ్రి పోయాక పట్నం వచ్చేశారు. మనిషి నెమ్మది. కానీ టీచరు చెప్పింది విన్నాక ముఖం బిగుసుకుంది.

"మా బిడ్డకు దిమాగు ఖరాబైందంటున్నరా మేడం?"

"అట్ల అంటలేనన్నా. దవాఖానకు తీసుకపోవాలె అంటున్న. నాకు పేరు తెల్వది. కానీ ఏదో ఉన్నది."

రాజేశ్వరమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. "ఆడపిల్ల," అంది మెల్లగా. "మూర్ఛ అని ఒక్కరి నోట్ల పడితే చాలు, రేపు దానికి పెండ్లి అయితదా? మీరు జర గట్టిగ మాట్లాడకున్రి. పక్కింటోళ్లు ఇంటరు."

"అది దొంగ ఏషాలు ఏస్తుంది మేడం," అన్నాడు అశోక్. "నాకు తెల్సు. మీరు ఇంటికి పంపిన కార్డులు నేను గూడ రోజూ చేపిస్తున్న. బాగ చెప్పుకుంట చెప్పుకుంట నడిమిట్ల నోరు మూసుకుంటది. పిలిస్తె పలకది. రెండు దెబ్బలు ఏస్తెనే దారికొస్తది."

వాసంతి తల వంచుకుంది. లోపలి గదిలో సౌజన్య గాజు గోళీలు దొర్లించుకుంటోంది, టకటకమని శబ్దం వస్తోంది.

పద్మలత వాదించలేదు. "ఆ కార్డులు తెండి," అంది. "ఇప్పుడే మీరే చేపియ్యున్రి. ఒక్కటే అడుగుత. ఆమె ఆగితే ఇవాళ కోపం చెయ్యకున్రి. లెక్కపెట్టున్రి. ఎన్ని లెక్కపెట్టిన్రో నాకు చెప్పున్రి."

అశోక్ అలమారాలోంచి రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట తెచ్చాడు. పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. సౌజన్య తండ్రి చేతిలో కార్డులు చూడగానే భుజాలు ముడుచుకుంది. అది పద్మలత చూసింది. వాసంతి కూడా చూసింది.

ఎనిమిదీ ఎనిమిదీ. పదహారు. తొమ్మిదీ ఐదూ. ఒకటి గుంజుకుంటది, పది, నాలుగు, పద్నాలుగు. ఆరూ ఏడూ. పదమూడు. తండ్రి గొంతు కాస్త మెత్తబడింది. పదకొండు కార్డులు పోయాయి, పన్నెండు పోయాయి. ఏమీ జరగలేదు. అశోక్ టీచరు వైపు చూశాడు. ఆ చూపులో కొంచెం వెటకారం కూడా ఉంది. పద్మలతకు తనే పొరపాటు పడ్డానేమో అనిపించి, అదే నిజం కావాలని కోరుకుంది.

పద్నాలుగో కార్డు ఏడూ నాలుగూ.

"ఏడుకు మూడు గావాలె. నాలుగు దగ్గర..."

ఆగిపోయింది.

అశోక్ చెయ్యి అలవాటుగా లేచింది. "లెక్కపెట్టున్రి," అంది పద్మలత. చెయ్యి గాల్లోనే నిలిచింది.

"ఒకటి," అన్నాడు. "రెండు." పిల్ల తండ్రి ముఖంలోకే చూస్తోంది, కానీ ఆయన్ని చూడటం లేదు. "మూడు. నాలుగు." లేపిన చేతిని పిల్ల చెంప పక్కకు తెచ్చి చిటికె వేశాడు. రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి. "ఐదు. సౌజీ. ఆరు. సౌజీ, బిడ్డా." ఆయన గొంతు మారిపోయింది. "ఏడు. ఎనిమిది..." ఆ తర్వాత లెక్క ఆయన నోట్లోనే ఉండిపోయింది.

సౌజన్య కళ్లార్పి, "...మూడు తీసుకుంటది. పది, ఒకటి. పదకొండు," అంది. తర్వాత అందరి ముఖాలూ చూసి భయపడిపోయింది. లేచి ఉన్న తండ్రి చెయ్యి కనబడి రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. "చెప్పిన గదా నాన్న! పదకొండే గదా!"

అశోక్ ఆ చేతిని దించుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని దాని వైపే చూశాడు. "పలుకుతలేదని కొట్టిన," అన్నాడు. "రోజూ కొట్టిన మేడం. దీనికి ఇనబడలే గూడ."

వాసంతి లేచి వచ్చి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. గడప దగ్గర నుంచి రాజేశ్వరమ్మ, ఎవరూ అడగకుండానే, "అన్నం తినేటప్పుడు గూడ," అంది. "బుక్క చేతిలనే ఉంటది, నోరు తెరిచే ఉంటది. దిష్టి అనుకున్న. మిరపకాయలు తిప్పి పడేసిన. మొన్న మేడమీద బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ కాడ గట్లనే నిలబడ్డది. పిలిస్తె రాలే. కిందికి తొంగి చూస్తుందనుకున్న."

ఆ పిట్టగోడ ఎంత ఎత్తుంటుందో ఎవరూ అడగలేదు.

*

మర్నాడు భానుమూర్తి తన గదిలో పద్మలత చెప్పిందంతా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టుకుని విన్నాడు. "డాక్టర్లు చేసే పని మనకెందుకమ్మా? రేపేమీ లేదని తేలితే? ఉందని తేలితే ఇంకా ఇబ్బంది. మిగతా తల్లిదండ్రులు ఏమంటారు? ముందు ఆ పిల్లని ప్రదర్శనలోంచి తీసెయ్యండి."

"సార్, ఆ పిల్లకు లెక్కలు రాక కాదు. నేను సెకన్లు చూసుకుంటూ కూర్చున్నా, పిల్లను చూడలే. రేపటి నుంచి అందరూ తల ఎత్తి చూస్తేనే కార్డు దించుత. సాయంత్రం క్లాసు ఆపేస్తున్నా."

"ప్రదర్శన మూడు వారాల్లో ఉందండీ."

"మా క్లాసు లేకుండా చేసుకోండి సార్."

పదకొండేళ్ల నౌకరీలో ఆయనతో ఆమె అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన అద్దాలు పెట్టుకుని ఫైలు తెరిచాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియకుండానే ఆమె బయటికి వచ్చేసింది.

డాక్టరు అపాయింట్‌మెంటు శనివారానికి దొరికింది. ఆ మధ్యలో ఒక్క శుక్రవారం. ఆ ఒక్క రోజులో, తను చూస్తుండగానే, పద్మలత పదమూడు సార్లు లెక్కపెట్టింది. ఒకసారి మెట్లు దిగుతుండగా, రెయిలింగు మీద చెయ్యి ఉండగా. ఒకసారి నీళ్ల సీసా ఎత్తుకుని తాగుతుండగా. నీళ్లు మెడ మీదుగా కారి యూనిఫాం తడిసింది. పిల్లలు నవ్వారు. సౌజన్య కూడా తన తడి బట్టలు చూసుకుని, ఎలా తడిశాయో తెలియక, వాళ్లతో పాటు నవ్వింది.

ఎల్‌బీ నగర్‌లో పిల్లల నరాల డాక్టరు. నలభై ఏళ్లుంటాయి ఆమెకు. పద్మలత తెచ్చిన చీటీలను బల్ల మీద పరిచి, పట్టీ జరిపి చూపించగానే తనే ఇంకోసారి జరిపి చూసుకుంది. తర్వాత సౌజన్య తల మీద సన్నటి వైర్లు అతికించి, చేతికి ఒక కాగితం ముక్క ఇచ్చి, కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు ఆపకుండా ఊదమంది. అలా ఊదుతుంటే ఆ ఆగిపోవడం బయటపడుతుందట. పిల్లకు అది ఆటలా అనిపించింది. కాగితం రెపరెపలాడింది. నిమిషం దాటాక దాని రెపరెపలు ఆగిపోయాయి. పిల్ల చేతిలో అది అలాగే వేలాడింది. ఆ వైర్లు కలిపిన తెర మీద అప్పటిదాకా చిన్నగా వణుకుతున్న గీతలన్నీ ఒక్కసారి నిటారుగా, వరుసలు కట్టి లేచాయి. అశోక్ కుర్చీ చేతిని పట్టుకున్నాడు.

గీతలు పడిపోయాక డాక్టరు వాళ్ల వైపు తిరిగింది. "ఇది మూర్ఛలో ఒక రకమే. కింద పడరు, కొట్టుకోరు, నురగ రాదు. అందుకే పగటికలలు అనుకుంటారు, పొగరు అనుకుంటారు. చాలా ఇళ్లలో ఏళ్లు గడిచాక గానీ తెలియదు. మందు ఉంది. రోజూ వెయ్యాలి, ఒక్క పూట కూడా మానకూడదు. రోడ్డు, నీళ్లు, మేడ, ఈ మూడింటి దగ్గర ఒంటరిగా వదలొద్దు."

"పోతదా డాక్టరమ్మా?" అంది వాసంతి.

"చాలామంది పిల్లలకి పెద్దయ్యేసరికి పోతుంది. అందరికీ పోతుందని మాత్రం చెప్పను."

ఆ చివరి మాట వాళ్లతో పాటు ఇంటికి వచ్చింది. రాజేశ్వరమ్మ మందు సీసాను గోధుమపిండి డబ్బా వెనక దాచింది. పూటకు మాత్రం తప్పకుండా తనే తీసి వేసింది. అశోక్ షాపు వాళ్లను బతిమాలి మూడున్నరకు బడి గేటు దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఏ తేడా కనబడలేదు. రెండో వారం పద్మలత లెక్క రోజుకు ఆరుకు తగ్గింది. మూడో వారం ఒక మంగళవారం అసలు రాలేదు. బుధవారం మళ్లీ నాలుగు వచ్చాయి. రాని రోజునే ఆమెకు ఎక్కువ భయమేసేది. ప్రతి నిశ్శబ్దం దగ్గరా ఆమె తల ఎత్తి చూసేది. ప్రదర్శన ఆ క్లాసు లేకుండానే జరిగింది. భానుమూర్తి దాని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు, ఆమె వైపు సరిగ్గా చూడనూ లేదు.

ఆ మధ్యలో ఒక సాయంత్రం, గేటు దగ్గర సౌజన్య తండ్రి కోసం నిలబడ్డప్పుడు, పద్మలత ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"సౌజన్యా, నువ్వు తక్కువ కార్డులు చూపిస్తున్నరు అని చెప్పినవు, యాదుందా? నేను నమ్మలే. నాదే తప్పు."

సౌజన్య ఆలోచించింది. "మరి ఆ కార్డులు యాడికి పోయినయి టీచర్?"



డిసెంబరులో రెండో శనివారం మళ్లీ పరీక్ష. అశోక్ అడిగితే పద్మలత కూడా వెళ్లింది. అదే గది, అవే వైర్లు, అదే కాగితం. ఒక నిమిషం. రెండు. తెర మీద గీతలు చిన్నగా వణుకుతూనే ఉన్నాయి. మూడో నిమిషం చివర్లో డాక్టరు చాలంది. సౌజన్య ఎర్రబడ్డ ముఖంతో, తల తిరుగుతోందని నవ్వింది. మందు కనీసం రెండేళ్లు ఆపకూడదని, మధ్యలో ఒక్కోసారి తిరిగి రావచ్చని, వస్తే కంగారుపడకుండా తన దగ్గరకు రమ్మని డాక్టరు చెప్పింది.

తిరుగు ప్రయాణానికి ఎల్‌బీ నగర్ మెట్రో ఎక్కారు. ప్లాట్‌ఫాం మీద జనం పలచగా ఉన్నారు. ఖాళీ రైలు మెల్లగా లోపలికి వస్తోంది. సౌజన్య నాలుగడుగులు ముందు నడుస్తూ, ఏదో చూసి, పసుపు గీతకు కొంచెం ఇవతల టక్కున ఆగిపోయింది. కదలలేదు.

అశోక్ ఒక్క గెంతులో వెళ్లి భుజం పట్టుకున్నాడు. పద్మలత అప్పటికే పెదాల మీద లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు.

సౌజన్య తల తిప్పి ఇద్దరినీ చూసింది. "రైల్ల మొదటి డబ్బాల డ్రైవరు ఆడామెనో, మొగాయననో చూస్తున్న," అంది. "ఆగుండ్రి జర."

తలుపులు తెరుచుకున్నాయి. వాళ్లు ఎక్కి కూర్చున్నారు. చైతన్యపురి వచ్చేదాకా అశోక్ కూతురి ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ పిల్ల కిటికీ అద్దంలోంచి కింద రోడ్డు మీద బస్సులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.